వేగంతో గుణించి చూడండి: స్ప్రింగ్, డ్యాంపింగ్, అనునాదం (ప్రసంగ పాఠం)

రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. బోర్డు మీద రాసిన సమీకరణాలను మాటల మధ్యలోనే చేర్చాం.

అందరూ కూర్చున్నారా? వెనక నిలబడ్డవాళ్ళు రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఫిజిక్స్ క్లాసులో ముందు వరస ఎప్పుడూ ఖాళీనే కదా.

సరే. డోలనాల పాఠంలో ఫార్ములాలు మీకు వచ్చు, నాకు తెలుసు. ఒమేగా ఎంత అని అడిగితే రూట్ కె బై ఎమ్ అని నిద్రలో లేపినా చెప్తారు. ఇవాళ వాటిని మీతో మళ్ళీ అప్పజెప్పించను. సరళ హరాత్మక చలనం ఒక చాప్టర్, అవరుద్ధ డోలనాలు ఇంకో చాప్టర్, బలాత్కృత డోలనాలు, అనునాదం మరో చాప్టర్ అన్నట్టు చదువుతారు మీరు, మూడింటికీ మూడు ఫార్ములాలు బట్టీ పడతారు, పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాసి వస్తారు. ఇవి మూడు కాదు, ఒకే సమీకరణం. దానికి ఒకే ఒక్క పని చేస్తాం, వేగంతో గుణిస్తాం. అంతే. గుణించగానే బలాల గురించి చెప్పే సమీకరణం శక్తి లెక్కగా మారిపోతుంది. శక్తి ఎక్కడ ఉంది, ఎటు పోతోంది, ఎవరిస్తున్నారు, ఇవన్నీ అందులోనే కనిపిస్తాయి.

ఒక్క స్ప్రింగే తీసుకుందాం, చివరిదాకా అదే. దిమ్మ ద్రవ్యరాశి అర కేజీ. స్ప్రింగ్ బలస్థిరాంకం మీటరుకి 200 న్యూటన్లు. నున్నటి బల్ల మీద అడ్డంగా పెట్టాం, 5 సెంటీమీటర్లు లాగి వదిలేశాం. రాసుకోండి, ఈ అంకెలతోనే గంటసేపు గడపాలి.

ω₀ = √(k/m) = √(200/0.5) = 20 rad/s

ఆవర్తన కాలం 2π బై 20, అంటే 0.314 సెకన్లు. సెకనుకి మూడు డోలనాల పైచిలుకు. మొత్తం శక్తి ఎంత? లాగి పట్టుకున్నప్పుడు దిమ్మ కదలట్లేదు, ఉన్నదంతా స్ప్రింగులోనే, ½kA². సగం ఇంటూ 200 ఇంటూ 0.05 స్క్వేర్. 0.25 జౌల్. మధ్యలోంచి వెళ్ళేటప్పుడు వేగం ωA, 20 ఇంటూ 0.05, సెకనుకి సరిగ్గా 1 మీటర్. అక్కడ గతిజ శక్తి సగం ఇంటూ 0.5 ఇంటూ 1, మళ్ళీ 0.25. సరిపోయిందా? సరిపోవాలి, లేకపోతే ఎక్కడో దశాంశం జారిందని అర్థం. పరీక్షలో ఈ తనిఖీకి పది సెకన్లు పట్టదు, చేసుకోండి.

ఇప్పుడు గుణిద్దాం. న్యూటన్ చెప్పేది ఇది: ma + kx = 0. రెండు పక్కలా v పెట్టండి. m v a + k x v = 0. మొదటి పదం చూడండి. a అంటే dv/dt, కాబట్టి m v dv/dt, అది ½mv² ని కాలంతో అవకలనం చేస్తే వచ్చేదే. రెండో పదంలో v అంటే dx/dt, k x dx/dt, అది ½kx² అవకలనం. అంటే,

d/dt (½mv² + ½kx²) = 0

మొత్తం మారదు. శక్తి నిత్యత్వం అని విడిగా ఒక నియమం తెచ్చి అతికించలేదు, న్యూటన్ సమీకరణంలోంచే బయటికి లాగాం. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. kxv అనేది స్ప్రింగులోకి శక్తి వెళ్తున్న రేటు. x, v ఒకే గుర్తులో ఉంటే, అంటే దిమ్మ మధ్య నుంచి దూరంగా పోతుంటే, శక్తి స్ప్రింగులోకి పోతోంది. గుర్తులు వేరైతే, దిమ్మ వెనక్కి వస్తుంటే, స్ప్రింగు శక్తిని దిమ్మకి ఇచ్చేస్తోంది. ఒక పూర్తి డోలనంలో ఇది రెండుసార్లు లోపలికి, రెండుసార్లు బయటికి జరుగుతుంది. అందుకే గతిజ శక్తి పౌనఃపున్యం డోలన పౌనఃపున్యానికి రెట్టింపు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు, ఇంకా అడుగుతూనే ఉంటారు, మనవాళ్ళు ఇంకా n అనే పెట్టి వస్తుంటారు.

ఒక చిన్న లెక్క. దిమ్మ 3 సెంటీమీటర్ల దగ్గర ఉంది, వేగం ఎంత? చాలామంది వెంటనే సైన్లు, కొసైన్లు, కాలం కనుక్కోవడం మొదలుపెడతారు. అవసరమా? స్థితిజ శక్తి ½ × 200 × 0.03², అంటే 0.09 జౌల్. మొత్తం 0.25. మిగిలింది 0.16. ½ × 0.5 × v² = 0.16, v² = 0.64, వేగం 0.8. అయిపోయింది. మరి దారి సగంలో, 2.5 సెంటీమీటర్ల దగ్గర శక్తి సగం సగం ఉంటుందా? ఎవరో ఉంటుందన్నారు. ఉండదమ్మా. x సగమైతే x స్క్వేర్ పావు. స్ప్రింగులో పావు వంతే ఉంటుంది, ముప్పావు దిమ్మ దగ్గరే ఉంది. సగం సగం కావాలంటే A బై రూట్ టూ దాకా పోవాలి, మన లెక్కలో 3.54 సెంటీమీటర్లు. కానీ కాలం మీద సగటు తీస్తే రెండూ సమానమే, చెరి 0.125 జౌల్. ఈ సగటు మాట గుర్తుంచుకోండి, ఐదు నిమిషాల్లో దీంతోనే పని పడుతుంది.

ఇప్పుడు డ్యాంపింగ్. నిజంగా ఏ స్ప్రింగూ కలకాలం ఊగదు కదా. గాలో, నూనో, ఏదో ఒకటి వేగానికి ఎదురుగా లాగుతుంది. ఆ బలం వేగానికి అనులోమానుపాతంలో ఉందనుకుందాం, −bv. మన దిమ్మకి b విలువ సెకనుకి 0.2 కిలోగ్రాములు అని పెట్టుకుందాం. సమీకరణం ma + bv + kx = 0. మళ్ళీ అదే పని, v తో గుణించండి.

d/dt (½mv² + ½kx²) = −bv²

అంతే, ఒక్క పదం అదనంగా వచ్చింది. v స్క్వేర్ ఎప్పుడూ ధనాత్మకం, ముందు మైనస్ ఉంది, కాబట్టి శక్తి తగ్గడమే తప్ప పెరగడం లేదు. దిమ్మ కుడికి పోయినా ఎడమకి పోయినా నష్టమే. ఆ పోయిన శక్తి గాలినో నూనెనో కాస్త వేడెక్కిస్తుంది, వెనక్కి రాదు. స్ప్రింగ్ తీసుకున్నది తిరిగి ఇస్తుంది, డ్యాంపింగ్ తీసుకున్నది తిరిగి ఇవ్వదు. తేడా ఎక్కడుందంటే గుర్తులో ఉంది: xv గుర్తు మారుతూ ఉంటుంది, v² గుర్తు మారదు.

నష్టం ఎప్పుడు ఎక్కువ? చెప్పండి. చివర్లోనా, మధ్యలోనా? మధ్యలో. వేగం అక్కడే ఎక్కువ. చివర్లలో వేగం సున్నా, ఆ క్షణంలో నష్టం కూడా సున్నా. కాబట్టి శక్తికి కాలంతో గ్రాఫ్ గీస్తే నున్నగా జారే వక్రరేఖ రాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది, చివర్ల దగ్గర చదునుగా, మధ్యలో వాలుగా. పుస్తకంలో నున్నటి గీత వేస్తారు, అది సగటు గీత.

ఆ సగటు ఎలా వస్తుందో చూద్దాం, ఎందుకంటే మీరు తరచూ పొరపాటు పడే 2 పుట్టేది ఇక్కడే. ఇందాక ఏమన్నాం? గతిజ శక్తి సగటు మొత్తం శక్తిలో సగం. అంటే ½mv² సగటు = E/2. కాబట్టి v² సగటు = E/m. దాన్ని పైన పెట్టండి.

dE/dt = −(b/m) E

ఏ రాశి అయితే తనకి అనులోమానుపాతంలోనే తగ్గుతుందో, అది ఘాతాంక పద్ధతిలో తగ్గుతుంది. E = E₀ e^(−bt/m). శక్తి కంపన పరిమితి స్క్వేర్ మీద ఆధారపడుతుంది, కాబట్టి కంపన పరిమితి దానికి వర్గమూలం, A = A₀ e^(−bt/2m). చూశారా, 2 ఎక్కడ వచ్చిందో? కంపన పరిమితికి 2m, శక్తికి m. శక్తి రెండింతలు వేగంగా పడిపోతుంది. ఇది బట్టీ పట్టాల్సిన సంగతి కాదు, స్క్వేర్ ఉంది కాబట్టి వచ్చింది.

మన అంకెలు పెట్టండి. b/m = 0.4. కంపన పరిమితి e^(−0.2t). సగం కావడానికి 0.693 బై 0.2, సుమారు 3.5 సెకన్లు, అంటే 11 డోలనాలు. అప్పటికి కంపన పరిమితి రెండున్నర సెంటీమీటర్లు. శక్తి? సగం అంటారేమో, పావు. శక్తి సగం కావడం 1.73 సెకన్లకే జరిగిపోయింది.

ఒక హెచ్చరిక. కొన్ని పుస్తకాల్లో గామా అంటే b/m, కొన్నింట్లో గామా అంటే b/2m. రెండూ తప్పు కాదు. మీ పేపర్లో సమీకరణం ఎలా ఇచ్చారో ముందు చూసుకోండి, అప్పుడు గామా ముట్టుకోండి. నేను ఇవాళ గామా జోలికే పోను, b/m అనే రాస్తాను.

పౌనఃపున్యం మారదా అని ఎవరైనా అడగాలి, అడగలేదు, నేనే చెప్తాను. మారుతుంది. ω' = √(k/m − b²/4m²). మన దిమ్మకి 400 లోంచి 0.04 తీసేయాలి. వర్గమూలం 19.999. అంటే మారిందా? లెక్కకి మారింది, స్టాప్‌వాచీకి దొరకదు. తేలికపాటి డ్యాంపింగ్ కంపన పరిమితిని నాశనం చేస్తుంది గానీ ఆవర్తన కాలాన్ని దాదాపు ముట్టుకోదు. ఇందాకటి సగటు కూడా ఇలాంటి తేలికపాటి డ్యాంపింగుకే చెల్లుతుంది. b పెంచుకుంటూ పోతే 2√(mk) దగ్గర, మన లెక్కలో 20 దగ్గర, ఊగడమే ఆగిపోతుంది, దాన్నే క్రాంతిక అవరోధం అంటాం. మన b అందులో నూటికి ఒక వంతు. కాబట్టి ధైర్యంగా సగటు వాడొచ్చు.

ఇంకో మాట, ప్రాక్టికల్స్ చేసేవాళ్ళకి. ల్యాబులో బల్ల మీద దిమ్మ గరుకుగా రాసుకుంటుంటే అది −bv కాదు. పొడి ఘర్షణ వేగాన్ని బట్టి మారదు, ఎప్పుడూ μmg యే. అప్పుడు ఒక్కో డోలనానికి కంపన పరిమితి 4μmg/k చొప్పున, అంతే మేర, తగ్గుతూ పోయి ఒకచోట టక్కున ఆగిపోతుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? వరస కంపన పరిమితులు రాసుకోండి. నిష్పత్తి ఒకటే ఉంటే −bv. తేడా ఒకటే ఉంటే పొడి ఘర్షణ. గుణశ్రేఢి, అంకశ్రేఢి, అంతే. ఈ తేడా చూడకుండా e పవర్ మైనస్ గీత బలవంతంగా పట్టించి, నా b విలువ ప్రతిసారీ మారుతోంది సార్ అంటారు. మారదా మరి.

డిగ్రీ ఫస్టియర్ వాళ్ళకి Q కారకం ఉంది. Q = mω₀/b. మనకి 0.5 ఇంటూ 20 బై 0.2, అంటే 50. దీనికి అర్థం ఏంటి? ఒక డోలనంలో పోయే శక్తికి, ఉన్న శక్తికి నిష్పత్తి 2π/Q. మనకి 2π బై 50, 0.126, సుమారు ఎనిమిదో వంతు. ఒక్కో ఊపుకి ఉన్నదాంట్లో ఎనిమిదో వంతు పోతోందన్నమాట. ఈ 50 అనే అంకె పక్కన చుట్టు గీసి పెట్టుకోండి. ఇంకో చోట వేరే వేషంలో వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. పోయే శక్తిని బయటి నుంచి ఎవరైనా నింపుతుంటే? స్ప్రింగుకి అవతల ఒక మోటారు పెట్టి, F₀ cos ωt బలం వేశాం. F₀ చాలా చిన్నది, 0.2 న్యూటన్లు. ఇరవై గ్రాముల బరువు అంత. ఇంత బలంతో స్ప్రింగుని మెల్లగా లాగి పట్టుకుంటే ఎంత సాగుతుంది? F₀ బై k, 0.2 బై 200, ఒక్క మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు, గుర్తుంచుకోండి. సమీకరణం,

ma + bv + kx = F₀ cos ωt

మళ్ళీ v తో గుణించండి. విసుగొచ్చినా గుణించండి.

d/dt (½mv² + ½kx²) = F v − b v²

ఎడమ పక్క దాచుకున్న శక్తి మారే రేటు. కుడి పక్క మొదటిది మోటారు ఇస్తున్న సామర్థ్యం, రెండోది డ్యాంపింగ్ లాగేస్తున్న సామర్థ్యం. అనునాదం కథంతా ఈ Fv లో ఉంది. F ఒక్కటే చాలదు, v ఒక్కటే చాలదు. రెండూ ఒకే గుర్తులో ఉంటే మోటారు ఇస్తోంది. గుర్తులు వేరైతే? మోటారు తీసుకుంటోంది! అవును, మోటారు దిమ్మని ఆపుతోంది, దిమ్మలోని శక్తి మోటారుకి వెనక్కి పోతోంది.

ఉయ్యాల ఊపారా ఎప్పుడైనా? పాప మీ వైపు వస్తున్నప్పుడు తోస్తే ఏమవుతుంది? చెయ్యి నొప్పి పుడుతుంది, ఉయ్యాల నెమ్మదిస్తుంది. మీరు బలం వాడారు, కానీ శక్తి మీరు తీసుకున్నారు. పాప మీ నుంచి దూరంగా కదులుతున్నప్పుడు, చెయ్యి దాంతో పాటు కొంత దూరం వెళ్తూ తోస్తే అప్పుడు ఇచ్చినట్టు. అనునాదానికి పెద్ద బలం అక్కర్లేదు, బలం వేగంతో పాటు నడవాలి.

లెక్కలో చూద్దాం. పాత ఊగిసలాట సద్దుమణిగాక దిమ్మ మోటారు పౌనఃపున్యంతోనే ఊగుతుంది, సొంత పౌనఃపున్యంతో కాదు, ఇది కూడా ఒక బిట్టే. స్థానభ్రంశం x = A cos(ωt − φ). కంపన పరిమితి,

A = (F₀/m) / √[(ω₀² − ω²)² + (bω/m)²]

భయపడకండి. ఇందులో ω = ω₀ పెట్టండి. మొదటి బ్రాకెట్ సున్నా. మిగిలింది A = F₀/(bω₀). అంకెలు: 0.2 బై (0.2 ఇంటూ 20), 0.05 మీటర్లు. ఐదు సెంటీమీటర్లు! మెల్లగా లాగితే ఒక్క మిల్లీమీటరు సాగించే బలం, ఇక్కడ యాభై మిల్లీమీటర్లు ఊపుతోంది. యాభై రెట్లు. ఇందాక చుట్టు గీసిన 50 ఇదే. Q అంటే అనునాదంలో వచ్చే పెంపు. ఒక్కో డోలనానికి ఎంత పోతుందో చెప్పిన అంకే, ఎంత పెరుగుతుందో కూడా చెప్తోంది, ఎందుకంటే పోయేది, వచ్చేది సమానమయ్యే చోటే కంపన పరిమితి ఆగుతుంది.

ఇప్పుడు ఇక్కడ కాస్త ఆగుదాం, నాకు ఈ చాప్టర్ మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. అనునాదంలో φ 90 డిగ్రీలు. అందరూ రాస్తారు. దాని అర్థం ఏంటి? x = A cos(ωt − 90°) = A sin ωt. వేగం? Aω cos ωt. బలం? F₀ cos ωt. రెండూ కొసైనే! బలం, వేగం ఒకే దశలో ఉన్నాయి. స్థానభ్రంశం 90 డిగ్రీలు వెనకబడిందంటే వేగం బలంతో సరిగ్గా కలిసి నడుస్తోందని. Fv ఒక్క క్షణం కూడా రుణాత్మకం కాదు, మోటారు ఇస్తూనే ఉంటుంది, వెనక్కి తీసుకునే క్షణమే లేదు.

ఇంకా ముందుకి పదండి. డ్యాంపింగ్ బలం పరిమాణం bv. b 0.2, గరిష్ఠ వేగం 20 ఇంటూ 0.05, 1 మీటర్ పర్ సెకండ్. కాబట్టి bv = 0.2 cos ωt. మోటారు బలం? 0.2 cos ωt. ఒకటే! సగటున కాదు, ప్రతి క్షణం. మోటారు బలం డ్యాంపింగ్ బలాన్ని క్షణం క్షణం కొట్టేస్తోంది. సమీకరణంలోంచి రెండింటినీ తీసేయండి, ఏం మిగిలింది? ma + kx = 0. మొదట రాసిన సమీకరణమే! అనునాదంలో ఉన్న దిమ్మ, డ్యాంపింగే లేనట్టు, మోటారే లేనట్టు, స్వేచ్ఛగా సరళ హరాత్మక చలనం చేస్తోంది. దిమ్మ, స్ప్రింగు తమలో తాము 0.25 జౌల్ ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, పక్కన మోటారు డ్యాంపింగుకి కట్టాల్సింది కడుతోంది. సగటున ఎంత? ½F₀v₀, సగం ఇంటూ 0.2 ఇంటూ 1, 0.1 వాట్. ఒక డోలనంలో 0.1 ఇంటూ 0.314, 0.0314 జౌల్. దాన్ని 0.25 తో భాగించండి. 0.126. ఎనిమిదో వంతు. మళ్ళీ అదే.

అలాగైతే మోటారు పెద్దగా ఏం చేయట్లేదుగా, ఆ 0.25 జౌల్ ఎక్కడ్నుంచి వచ్చింది సార్ అని అడగాలి మీరు. మంచి ప్రశ్న. మొదట్లో వచ్చింది. మోటారు వేసిన వెంటనే దిమ్మ కదలట్లేదు, v చిన్నది, నష్టం bv² ఇంకా చిన్నది, వచ్చేది మిగులుతోంది. ఆ మిగులే పోగవుతుంది. మన అంకెలకి కంపన పరిమితి మొదట్లో సెకనుకి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. పెరిగేకొద్దీ నష్టం ఎక్కువ, మిగులు తక్కువ. A = 5(1 − e^(−0.2t)) సెంటీమీటర్లు. 5 సెకన్లకి 3.2, 10 సెకన్లకి 4.3, 15 సెకన్లకి 4.75. తగ్గడానికి ఎంత టైమ్ పడుతుందో ఎదగడానికీ అంతే, అదే 0.2. b సున్నా అయితే? అనునాదంలో కంపన పరిమితి అనంతం అని రాస్తారు మీరు, రాయండి, మార్కు వస్తుంది. కానీ వెంటనే అనంతం కాదు. సెకనుకి సెంటీమీటరు చొప్పున పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడో స్ప్రింగు తన హద్దు దాటి హుక్ నియమం చెల్లకుండా పోతుంది, లేదా తెగుతుంది.

సరే, మోటారు కాస్త అటూ ఇటూ అయితే? పౌనఃపున్యం పది శాతం పెంచుదాం, ω = 22. లోపల 400 మైనస్ 484, అంటే −84. దాని స్క్వేర్ 7056. bω/m = 8.8, దాని స్క్వేర్ 77. కూడి వర్గమూలం తీస్తే 84.5. F₀/m = 0.4. A = 0.4 బై 84.5, 0.0047 మీటర్లు. 4.7 మిల్లీమీటర్లు. యాభై ఎక్కడ, ఐదు కూడా లేని ఇది ఎక్కడ! బలం అదే, స్ప్రింగు అదే, పది శాతం తేడా.

ఎందుకలా? బలం తగ్గలేదు కదా? దశ చెడింది. ఇక్కడ φ దాదాపు 174 డిగ్రీలు. బలానికీ వేగానికీ మధ్య దాదాపు 84 డిగ్రీల తేడా, ఇంచుమించు లంబం. శక్తి లెక్క వేస్తే మోటారు ఒక పావు డోలనంలో గరిష్ఠంగా 11.5 మిల్లీవాట్లు ఇస్తుంది, తర్వాత పావులో 9.3 మిల్లీవాట్ల దాకా వెనక్కి గుంజుకుంటుంది. ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం వెనక్కే. సగటున మిగిలేది 1.1 మిల్లీవాట్. అనునాదంలో 100 మిల్లీవాట్లు. తొంభై రెట్లు తేడా, అంతా దశ వల్లే. మోటారు శ్రమకి లోటు లేదు, ఉయ్యాల ఎదురొస్తుంటే తోస్తున్నట్టుంది దాని పని.

సామర్థ్యం సగానికి పడే హద్దులు ఎక్కడ? వెడల్పు b/m, అంటే 0.4. 19.8 నుంచి 20.2 దాకా. ω₀ ని ఈ వెడల్పుతో భాగిస్తే 20 బై 0.4, మళ్ళీ 50. Q కి మూడో వేషం ఇది. ప్రయోగంలో Q కనుక్కోవాలంటే ఇదే తేలిక దారి.

ఒక మెలిక ఉంది, జేఈఈ వాళ్ళు వినండి. కంపన పరిమితి గరిష్ఠం సరిగ్గా ω₀ దగ్గర రాదు, √(ω₀² − b²/2m²) దగ్గర వస్తుంది, కాస్త కింద. మనకి 19.998. వేగం గరిష్ఠం, సామర్థ్యం గరిష్ఠం మాత్రం సరిగ్గా ω₀ దగ్గరే. ప్రశ్నలో ఏది అడిగారో చూడండి. 'శక్తి అనునాదం' అంటే ω₀. 'కంపన పరిమితి అనునాదం' అంటే ఆ కింది విలువ. తేలికపాటి డ్యాంపింగ్ అని చెప్తే రెండూ ఒకటే అనుకుని ముందుకి పోండి.

ఇక అనునాదం అనగానే అందరూ రాసే ఉదాహరణ, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా వంతెన, 1940 నవంబర్ 7న కూలింది. గాలి అనునాదంతో కూలిందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. పరీక్షలో ఆ ఆప్షన్ ఉంటే పెట్టేయండి, నేను వద్దనను. కానీ మన సమీకరణంతో చూస్తే కథ వేరు. ఆ రోజు గాలి గంటకి 64 కిలోమీటర్ల వేగంతో దాదాపు ఒకే తీరుగా వీస్తోంది. వంతెన మెలి తిరిగిన పౌనఃపున్యం సెకనుకి 0.2, అంటే ఐదు సెకన్లకి ఒక మెలిక. ఆ లయలో తోసే F₀ cos ωt బయట ఎక్కడా లేదు. మరి శక్తి ఎవరిచ్చారు? వంతెన మెలి తిరిగేకొద్దీ దాని మీద గాలి నెట్టే తీరు మారింది, ఆ నెట్టుడు వంతెన కదలికతో పాటు నడిచింది. అంటే −bv² ఉండాల్సిన చోట +bv² వచ్చింది. b రుణాత్మకం అయిపోయినట్టు. e^(−bt/2m) లో గుర్తు మార్చండి, తగ్గాల్సింది పెరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని ఫ్లటర్ అంటారు. తేడా ఎలా కనిపెట్టాలంటే, అనునాదంలో బయటి బలానికి సొంత లయ ఉంటుంది, వస్తువుని గట్టిగా పట్టి ఆపేసినా ఆ లయ కొనసాగుతుంది. ఫ్లటర్లో వస్తువు ఆగితే ఊపే బలమూ ఆగిపోతుంది. మీ డిగ్రీ వైవాలో ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

టైమ్ అయిపోతోంది, చివరిగా ఒక లెక్క వేసి వదిలేస్తాను. దిమ్మని నూనెలో పెట్టి b రెట్టింపు చేశాం, 0.4. ఏం మారుతుంది? Q 25 అయింది. అనునాదంలో కంపన పరిమితి సగం, రెండున్నర సెంటీమీటర్లు. వెడల్పు రెట్టింపు, 0.8. మోటారు ఇచ్చే సామర్థ్యం? నష్టం పెరిగింది కాబట్టి పెరుగుతుందని ఇద్దరు ముగ్గురు తలూపుతున్నారు. వెయ్యండి. వేగం సగమైంది, 0.5. ½F₀v₀ = ½ × 0.2 × 0.5, 0.05 వాట్. తగ్గింది! b రెట్టింపైంది గానీ v² పావైంది, bv² సగమైంది.

ఇప్పుడు అదే నూనెలో ω = 22 దగ్గర చూడండి. bω/m ఇప్పుడు 17.6, స్క్వేర్ 310. 7056 కి 310 కలిపితే 7366, వర్గమూలం 85.8. A = 0.4 బై 85.8, 4.66 మిల్లీమీటర్లు. ఇందాక ఎంత? 4.74. డ్యాంపింగ్ రెట్టింపు చేస్తే ఇక్కడ వంద పాళ్ళలో రెండు పాళ్ళు కూడా మారలేదు. అనునాదం దగ్గర కంపన పరిమితిని నిర్ణయించేది b ఒక్కటే, ఎందుకంటే అక్కడ ma, kx ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మోటారుకి ఎదురు నిలిచేది bv మాత్రమే. అనునాదానికి దూరంగా అవి కొట్టేసుకోవు, మోటారు బలం వాటి తేడాతోనే తలపడాలి, b సంగతి ఎవరికీ పట్టదు. గ్రాఫ్ ఇచ్చి, మూడు వక్రరేఖలు గీసి, ఏది ఎక్కువ డ్యాంపింగ్ అని అడిగితే శిఖరం దగ్గరే చూడండి. అంచుల దగ్గర మూడూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి, అక్కడ చూస్తే ఏమీ తెలియదు.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ కిటికీ పక్క అమ్మాయి, ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది.